సన్నని పై పెదవికి నిండుదనం: ఒక పెళ్లికూతురి అలంకరణ ప్రాజెక్టు డైరీ

శుక్రవారం – కొలతలు, మొదటి పరిశీలన

విజయనగరం గంటస్తంభానికి దగ్గరలో ఉన్న మా పార్లర్‌కు ఈ రోజు చీపురుపల్లి నుంచి ఒక పెళ్లికూతురు తన తల్లితోనూ నాయనమ్మతోనూ కలిసి వచ్చింది. పెళ్లి వచ్చే నెలలో, రాత్రి ముహూర్తం. అమ్మాయి కోరిక ఒక్కటే. తన పై పెదవి సన్నగా ఉంటుందని, ఫొటోల్లో అది కనబడకుండా పోతుందని, దానికి కాస్త నిండుదనం రావాలని అడిగింది. "నవ్వితే నా పై పెదవి ఎటెల్లిపోతాదో తెలీదక్కా" అంది. విశాఖపట్నంలో పెదవులకు ఫిల్లర్ ఇంజెక్షన్ చేస్తారని బంధువులు ఎవరో చెప్పారట, కానీ సూది మాట వినగానే తల్లి ససేమిరా అన్నారు.

ఫిల్లర్ గురించి నేను వాళ్లకు చెప్పింది క్లుప్తంగానే. పెదవుల్లోకి సాధారణంగా హయాలురోనిక్ ఆమ్లపు జెల్‌ను ఎక్కిస్తారు. అది కొన్ని నెలల పాటు ఉండి క్రమంగా కరిగిపోతుంది. వేయించుకున్న మొదటి రోజుల్లో వాపు, కమిలిన మచ్చలు మామూలే. అరుదుగానైనా జెల్ రక్తనాళంలోకి పోతే అది అత్యవసర పరిస్థితి అవుతుంది కాబట్టి, దాని మంచిచెడ్డలు అర్హత ఉన్న వైద్యుడే చెప్పాలి. నా చేతిలో ఉన్నవి పెన్సిల్, పొడి, లిప్ గ్లాస్. వాటితో ఎంతవరకు సాధ్యమో ఈ ప్రాజెక్టులో చూడదలచుకున్నాను.

గడ్డం కింద పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పట్టించి, ఫోనును దాదాపు రెండు మీటర్ల దూరంలో పెట్టి, జూమ్ చేసి ఫొటో తీశాను. చేయి చాచి దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా పడి, దాని కింద పెదవి మరీ చిన్నదిగా అనిపిస్తుంది కాబట్టి సెల్ఫీలను చూసి ఎవరూ కొలత వేసుకోకూడదు. నోరు మూసి వదులుగా ఉంచినప్పుడు పై పెదవి మధ్యలో 5 మిల్లీమీటర్లు, కింది పెదవి 9 మిల్లీమీటర్లు ఉన్నాయి. కింది పెదవి పై పెదవికి ఒకటిన్నర రెట్ల కన్నా కొంచెం ఎక్కువ ఉంటే అందం అని అలంకరణ పాఠాల్లో చెబుతారు. రెండు పెదవులూ ఇంచుమించు సమానంగా ఉన్న ముఖాలు మన ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి, వాటికి ఏ లోటూ లేదు. అందువల్ల ఆ లెక్కను నేను శాసనంగా తీసుకోను. ఇక్కడ దాని ఉపయోగం ఒక్కటే: పై పెదవిని ఒక మిల్లీమీటరు పెంచి, కింది పెదవిని అర మిల్లీమీటరు పెంచితే ఆరుకు తొమ్మిదిన్నర అవుతుంది, ఈ ముఖానికి అది చాలు.

ఈ రోజు తేలిన ముఖ్యమైన సంగతి మాత్రం కొలతల్లో లేదు. అమ్మాయిని కిటికీ పక్కన కూర్చోబెట్టి చూస్తే, పై నుంచి పడే వెలుతురు కింది పెదవి మీద చక్కగా నిలుస్తోంది, పై పెదవి మీద నిలవడం లేదు. కింది పెదవి ఉపరితలం కొద్దిగా పైకి తిరిగి ఉంటుంది, పై పెదవి ఉపరితలం కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. పైన ఉన్న దీపం ఒకదాన్ని వెలిగించి రెండోదాన్ని నీడలో వదిలేస్తుంది. దీనికి తోడు ఈ అమ్మాయి పై పెదవి రంగు సహజంగానే ఊదా కలిసిన గోధుమ రంగు, అంచు దగ్గర మరింత ముదురు. కింది పెదవి గులాబీ రంగులో ఉంది. మన వైపు చాలామందికి ఇలాగే ఉంటుంది. ముదురు రంగు వెనక్కు జరిగినట్టు, లేత రంగు ముందుకు వచ్చినట్టు కంటికి అనిపిస్తుంది. 5 మిల్లీమీటర్ల పెదవి 3 మిల్లీమీటర్లుగా కనబడటానికి కారణం ఈ రెండు నీడలే.

పరీక్ష కోసం ఒక తెల్ల కాగితాన్ని ఆమె గడ్డం కింద పడుకోబెట్టి పట్టుకున్నాను. కాగితం మీద పడిన వెలుతురు కింది నుంచి పై పెదవి మీదికి తిరగగానే, ఏ రంగూ వేయకుండానే ఆ పెదవి నిండినట్టు కనిపించింది. తల్లి కూడా గమనించి కాగితాన్ని తానే తీస్తూ పెడుతూ చూశారు. ఈ ప్రాజెక్టు అంతా ఆ కాగితం చేసిన పనిని రంగులతో చేయించడమే.

ఆదివారం – పెన్సిల్ రంగు

లైనర్ అనగానే చాలామంది ముదురు గోధుమ రంగు పెన్సిల్‌ను తీస్తారు. లేత చర్మాల మీద ఆ నీడ నప్పుతుందేమో గానీ, మన చామనఛాయ మీద, ముఖ్యంగా పై పెదవి మీద, దాని ఫలితం వేరు. గంటస్తంభం దగ్గరి ఫ్యాన్సీ షాపులో దొరికిన చాక్లెట్ గోధుమ, గులాబీ కలిసిన గోధుమ, ఇటుక ఎరుపు పెన్సిళ్లను తెచ్చి ఒక్కొక్కటీ వేసి చూశాను. చాక్లెట్ రంగుతో పై అంచును కొంచెం పైకి గీయగానే పక్కన కూర్చున్న నాయనమ్మ, "ఏటమ్మా ఇది, పిల్లకి నూనూగు మీసం దిద్దినావేటి?" అన్నారు. ఆవిడ మాటలో పూర్తి నిజం ఉంది. పెదవి అంచుకు పైన ఉన్నది చర్మం, దాని మీద సన్నని నూగు ఉంటుంది. అక్కడ ముదురు రంగు పడితే కన్ను దాన్ని పెదవిగా కాక వెంట్రుకల వరుసగానే చదువుతుంది.

రంగు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి చూడటం నా అలవాటు. రంగులు తీసేస్తే మిగిలేది వెలుగు నీడల తేడా మాత్రమే. ఆ ఫొటోలో గీత ఒక విడి పట్టీలా కనబడితే అది మరీ ముదురు, చర్మంలో కలిసిపోతే మరీ లేత. పెదవి అంచుతో విడదీయలేనంతగా కలిసిపోయి, అంచే అంత దూరం ఉందనిపిస్తే సరైనది. చాక్లెట్ రంగు పట్టీలా పడింది. ఇటుక ఎరుపు నలుపు తెలుపులో బాగానే ఉన్నా, రంగులో చూస్తే కింది పెదవి గులాబీతో పొత్తు కుదరలేదు. గులాబీ కలిసిన గోధుమ రంగు నిలిచింది. అది ఆమె కింది పెదవి సహజ రంగు కన్నా ఒక మెట్టు మాత్రమే ముదురు, పై పెదవి అంచుతో దాదాపు సమానం. పెదవులు రెండు రంగుల్లో ఉన్నవారికి షాపులో చేతి మీద గీసి చూసుకోవడం వల్ల లాభం లేదు. కింది పెదవి పక్కన పెట్టి చూడాలి.

థ్రెడింగ్ విషయం కూడా ఈ రోజే చెప్పేశాను. పై పెదవి మీది నూగును పెళ్లికి రెండు మూడు రోజుల ముందే తీయించుకోవాలి. అదే రోజు తీస్తే చర్మం ఎర్రబడి, పెన్సిల్ తగిలితే మండుతుంది. అసలు తీయించకపోతే గీసిన భాగం మీద నూగు పైకి లేచి దగ్గరి ఫొటోల్లో పట్టుబడుతుంది.

బుధవారం – గీత ఎక్కడ బయటికి పోవాలి, ఎక్కడ లోపలికి రావాలి

ఈ రోజు పని మొత్తం ఒక్క గీత గురించే. ముఖాన్ని సగానికి విభజించుకుని, ఎడమ వైపు పెదవి అంచు పొడవునా, నోటి మూల దాకా, బయటికి గీశాను. కుడి వైపు మధ్య భాగంలో మాత్రమే బయటికి గీసి, మూలకు చేరే లోపలే సహజమైన అంచులోకి దింపాను. తేడా వెంటనే తెలిసింది. ఎడమ మూల కిందికి వేలాడినట్టయి, అమ్మాయి అలిగినట్టు కనిపించింది. పైగా మాట్లాడినప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా కదిలేవి మూలలే కాబట్టి అక్కడి గీత మడతల్లో విరిగి చారలయింది. కుడి వైపు మాత్రం గీత ఎక్కడ మొదలయిందో ఎక్కడ ముగిసిందో వెతుక్కోవలసి వచ్చింది.

కుడి వైపు చేసిన పద్ధతిని వివరంగా రాసుకుంటున్నాను. ముందు పెదవులకు బామ్ రాసి ఇరవై నిమిషాలు వదిలేసి, ఆ తరువాత టిష్యూతో పూర్తిగా తుడిచేశాను. జిడ్డు మిగిలితే పెన్సిల్ జారుతుంది, నిలవదు. తరువాత పెదవి అంచు మీదా దాని చుట్టూ ఉన్న చర్మం మీదా కన్సీలర్‌ను వేలికొసతో పలుచగా అద్ది, చాలా కొద్దిగా పొడి వేశాను. దీనివల్ల అసలు అంచు కొంచెం చెరిగిపోతుంది, పెన్సిల్‌కు పట్టు కూడా దొరుకుతుంది. పొర మందమైతే గంట గడిచేసరికి పొట్టులా లేస్తుంది కాబట్టి, వేలికి అంటినదే చాలనుకోవాలి.

పెన్సిల్‌ను చెక్కి, మొనను నా చేతి వెనుక రెండు మూడు సార్లు తిప్పి కొద్దిగా మొద్దు చేశాను. అమ్మాయిని పెదవులు సాగదీయవద్దని, పళ్ల మధ్య కొద్దిగా సందు ఉంచి వదులుగా కూర్చోమని అడిగాను. సాగదీసి గీసిన గీత పెదవి వదులు కాగానే వంకరపోతుంది. పై పెదవి నడుమ విల్లులా వంగి ఉండే రెండు శిఖరాల మీద ఒక్కో చుక్క, మధ్య పల్లంలో ఒక చుక్క, కింది పెదవి నట్టనడుమ ఒక చుక్క పెట్టుకున్నాను. పెదవి అంచుకు ఆనుకుని పైన సన్నని గట్టులాంటి చర్మం ఉంటుంది, వెలుతురు పడితే అది మెరుస్తుంది. పెన్సిల్ ఆ గట్టు మీదికి ఎక్కాలి, దాన్ని దాటి అవతలికి దిగకూడదు. ఈ అమ్మాయికి ఆ గట్టు వెడల్పు ఇంచుమించు ఒక మిల్లీమీటరు ఉంది, అంటే మొద్దు చేసిన మొన మందం ఎంతో అంత. కాబట్టి విడిగా కొలవనక్కరలేదు. మొన లోపలి అంచు అసలు పెదవిని తాకుతూ ఉంటే, బయటి అంచు కోరుకున్న చోటికి తానే చేరుతుంది.

గట్టు దాటితే ఏమవుతుందో కూడా చూపించాను. అవతల ఉన్నది చదునైన చర్మం. అక్కడ పడిన గీత ఎదురుగా చూస్తే పెదవిలా ఉన్నా, తల పావు వంతు పక్కకు తిప్పగానే పెదవి ఒక చోట ఆగిపోయి రంగు మరో చోటికి పాకినట్టు కనిపిస్తుంది. చాలామంది ఫోను ముందు ఎదురుగా మాత్రమే చూసుకుంటారు, పక్కన నిలబడినవాళ్లకు ఆ తేడా కనబడుతూనే ఉంటుంది.

శిఖరాలను పెంచినంత మధ్య పల్లాన్ని పెంచలేదు, సగం మాత్రమే పెంచాను. పల్లాన్ని పూర్తిగా పూడ్చేస్తే విల్లు చెడి పై పెదవి అర్ధచంద్రంలా అవుతుంది, అది నిండుగానే ఉంటుంది గానీ ఆ ముఖం ఆమెది కాదు. అక్కడి నుంచి చిన్న చిన్న గీతలతో మూలల వైపు వస్తూ, శిఖరానికీ మూలకూ మధ్య దూరంలో సగం దాటగానే సహజ అంచులో కలిపేశాను. చివరగా చదునైన చిన్న బ్రష్‌తో గీతను లోపలి వైపుకు మాత్రమే తుడిచాను. బయటి అంచు శుభ్రంగా ఉండాలి, లోపలి అంచు కరిగిపోవాలి.

శనివారం – ముదురు ఎరుపు, లేత నడుమ

పెళ్లికూతురికి ముదురు ఎరుపు ఉండాలని తల్లి గట్టిగా అనుకున్నారు. మెరూన్ లిప్‌స్టిక్ మొత్తం నింపి చూపించాను. గీత పెంచిన లాభమంతా పోయింది, పై పెదవి మళ్లీ నీడలోకి వెళ్లిపోయింది. ఒకే ముదురు రంగును నిండా వేసినప్పుడు పెదవి మీద ఎత్తు పల్లాలు కనబడవు, పలుచని ముక్క అతికించినట్టు ఉంటుంది. మెరూన్‌ను వదలకుండానే దారి వెతకాలి కాబట్టి, దాన్ని మూలల దగ్గరా అంచుల దగ్గరా ఉంచి, నడుమ నారింజ ఛాయ ఉన్న ఎరుపు వేశాను. దూరం నుంచి చూస్తే ఎరుపే, దగ్గర నుంచి చూస్తే నడుమ ఉబ్బినట్టు ఉంటుంది. తల్లికి ఇది నచ్చింది. రంగు మారిందని ఆవిడ అనుకోలేదు, నేనూ చెప్పలేదు.

పై పెదవి సహజ ముదురుతనం లిప్‌స్టిక్ కింద నుంచి బయటపడుతూ ఉండటం మరో చిక్కు. ఒకే లిప్‌స్టిక్ కింది పెదవి మీద ఒక రంగులో, పై పెదవి మీద మట్టి కొట్టుకున్న రంగులో పడింది. అందుకని పై పెదవి మీద మాత్రం, లైనర్ కన్నా ముందు, నారింజ కలిసిన కరెక్టర్‌ను అద్దాను. ఊదా ఛాయను నారింజ అణచివేస్తుంది. దాన్ని బ్రష్‌తో పూయకుండా వేలితో తట్టడమే మంచిది. పూస్తే పెదవి గీతల్లో చేరి నారింజ చారలుగా మిగులుతుంది. బియ్యపు గింజలో సగమంత కరెక్టర్ మొత్తం పై పెదవికి సరిపోయింది.

ఇక కింది పెదవి కింద నీడ. అక్కడ సహజంగానే ఒక చిన్న లోయ ఉంటుంది, నిండైన పెదవి ఉన్నవారికి అది మరింత స్పష్టంగా ఉంటుంది. చల్లని ఛాయ ఉన్న గోధుమ రంగు పొడిని చిన్న బ్రష్‌తో, పెదవి నడిమి భాగం కింద మాత్రమే వేలి గోరు వెడల్పున వేసి, గడ్డం వైపుకు పలచబరిచాను. చర్మం కన్నా ఒక మెట్టు ముదురు చాలు. బూడిద రంగు ఎక్కువగా ఉన్న పొడి మన చర్మం మీద మసి అంటినట్టు ఉంటుంది. ఈ నీడను నోటి మూలల దాకా లాగితే దవడ కిందికి జారినట్టవుతుంది కాబట్టి అక్కడికి పోనివ్వలేదు.

సోమవారం – లిప్ గ్లాస్ హద్దు

లిప్ గ్లాస్ చేసే పని రంగు ఇవ్వడం కాదు. ఒక చిన్న తెల్లని మెరుపును పెదవి మీద నిలబెట్టడం దాని పని. గుండ్రటి వస్తువుల మీదే అలాంటి మెరుపు నిలుస్తుందని కన్నుకు తెలుసు, కాబట్టి మెరుపు ఉన్న చోట ఉబ్బు ఉందని నమ్ముతుంది. మెరుపు పెదవంతా పరుచుకుంటే ఆ నమ్మకం పోతుంది, తడి మాత్రమే మిగులుతుంది. కింది పెదవి నడుమ శనగగింజంత భాగంలో అద్ది పెదవులను ఒకదానితో ఒకటి నొక్కించకుండా వదిలేశాను. పై పెదవికి విల్లు పల్లం కింద చుక్కంత సరిపోయింది.

గ్లాస్ గీసిన అంచును తాకకూడదు. దీనికి రెండు కారణాలు ఉన్నాయి. పెన్సిల్‌లో ఉన్నది మైనం, గ్లాస్‌లో ఉన్నది నూనె, నూనె తగిలిన మైనం కరిగి చర్మపు సన్నని గీతల్లోకి పాకుతుంది. పై పెదవి మీద నిలువుగా పుట్టే ఎర్రని దారాలు దానికి గుర్తు. రెండోది, బయటికి గీసిన ఆ మిల్లీమీటరు భాగం చర్మమే కాబట్టి దానికి రంధ్రాలు, నూగు ఉంటాయి. మ్యాట్‌గా ఉన్నంతసేపు అవి కనబడవు, మెరుపు తగలగానే అన్నీ లేచి నిలబడతాయి. అంచు ఎప్పుడూ మ్యాట్, నడుమ మాత్రమే మెరుపు అనే నియమం ఈ రెండింటి నుంచి వచ్చింది. అంచును గట్టిపరచడానికి ఒక పొర టిష్యూను పెదవి మీద పరిచి, దాని పై నుంచి అంచు భాగంలో మాత్రం పొడి అద్దాను.

అమ్మాయి స్నేహితురాలు పెదవులను ఉబ్బించే గ్లాస్ ఒకటి ఇచ్చిందట, తెచ్చి చూపించింది. అలాంటి వాటిలో దాల్చినచెక్క సారమో, మిరపకారంలోని కాప్సాయిసిన్ వంటిదో, మెంథాలో ఉంటుంది. అవి పెదవిని కొద్దిగా రేపి రక్తప్రసరణ పెంచి వాపు తెస్తాయి, ఆ వాపు కాసేపటికే తగ్గిపోతుంది. ఎండిన పెదవుల మీద మంట, పొట్టు లేవడం, కొందరికి అలర్జీ రావచ్చు. పొట్టు లేచిన పెదవి మీద ఏ లైనరూ నిలవదు. పెళ్లికి ముందు దాన్ని పక్కన పెట్టమన్నాను. విల్లు పైన హైలైటర్ కూడా మానేశాను. మన ఉక్కపోతలో ముక్కు కింద చెమట ఎలాగూ మెరుస్తుంది, దానికి మనం తోడవనక్కరలేదు. దాని బదులు చర్మం కన్నా కొంచెం లేతగా, పసుపు ఛాయలో ఉన్న కన్సీలర్‌ను పల్లం పైన ఒక్క చుక్క అద్ది మ్యాట్‌గా వదిలాను.

గురువారం – తల వంచితే ఏమవుతుంది

పూర్తి ట్రయల్. పార్లర్‌లో ఏసీ ఆపేయించాను, ఎందుకంటే కల్యాణ మండపంలో హోమం పక్కన ఏసీ ఉండదు. మామూలుగా ట్రయల్ ఫొటోలు తల ఎత్తి తీసుకుంటారు. కానీ పెళ్లికూతురు ఎక్కువ సేపు తల వంచుకునే ఉంటుంది, ఫొటోగ్రాఫరు నిలబడి పై నుంచి తీస్తాడు. అలా చూసినప్పుడు కిందికి వాలిన పై పెదవి మరింత సన్నబడి, కింది పెదవి మరింత పెద్దదవుతుంది. స్టూలు ఎక్కి తల వంచిన ఫొటోలు తీస్తే నేను అనుకున్నదే జరిగింది. కింది పెదవి నడుమ గ్లాస్ మెరుపు ఎక్కువై, పై పెదవి మళ్లీ ఓడిపోయింది. అందువల్ల కింది పెదవిని పెంచిన అర మిల్లీమీటరును తీసేశాను, దాని మీది గ్లాస్‌ను సగానికి తగ్గించాను. పై పెదవి నడుమ నారింజ ఎరుపును శిఖరాల దాకా కొంచెం పైకి తెచ్చాను. తల వంచినా, ఎత్తినా పొత్తు కుదిరేది ఇదే.

నవ్వు పరీక్షలో పై పెదవి సాగి సన్నబడటం ఆపలేకపోయాం, అది ఏ పెన్సిల్‌తోనూ ఆగదు. గీతకూ అసలు పెదవికీ మధ్య చర్మం విడిగా బయటపడుతోందా అని మాత్రమే చూశాను, బయటపడలేదు. గట్టు మీదే ఆగిన గీత పెదవితో పాటే కదులుతుంది. పూర్తిగా పక్క నుంచి చూస్తే మాత్రం ఈ పనంతా కనబడదు. పెదవి ముందుకు రాదు, దాని రూపురేఖ ఎలా ఉందో అలాగే ఉంటుంది. రంగు సాధించలేనిది ఇదే, దీన్ని అమ్మాయికి ముందే స్పష్టంగా చెప్పాను. పక్క నుంచి తీసే ఫొటోలు తగ్గించమని ఫొటోగ్రాఫరుకు చెప్పుకోవడం తప్ప దానికి ఉపాయం లేదు.

పులిహోర పెట్టి తినిపించాం. నూనె తగిలిన వెంటనే లోపలి రంగు పోయింది, బయటి గీత మిగిలింది. మిగిలిన గీత ఖాళీ పెదవి చుట్టూ చట్రంలా కనబడటం, ఏమీ లేకపోవడం కన్నా అధ్వానం. అందుకే లిప్‌స్టిక్ కింద పెదవంతా అదే పెన్సిల్‌తో ఒక పలుచని పొర నింపాను. రంగు పోయినా కింద అదే ఛాయ ఉంటుంది కాబట్టి గీత ఒంటరిగా మిగలదు.

పెళ్లి రాత్రి

ఉదయం నలుగు పెట్టినందువల్ల ముఖం మీద పసుపు ఛాయ మిగిలింది, ముఖ్యంగా ముక్కు కింద నూగు ఉండే చోట. గులాబీ ఛాయ ఉన్న కన్సీలర్ వేసి ఉంటే పెదవి చుట్టూ బూడిద వలయం పడేది. ట్రయల్‌లోనే పసుపు ఛాయ ఉన్నది ఎంచుకోవడం వల్ల ఆ ఇబ్బంది రాలేదు. పెన్సిల్‌ను ఐసు పెట్టెలో ఉంచి తీసుకెళ్లాను. ఈ వేడిలో మొన వెన్నలా అయిపోతే గీత మందమై హద్దు దాటుతుంది.

జీలకర్ర బెల్లం వేళకు అమ్మాయి ఎర్ర అంచు తెల్ల మధుపర్కాల్లోకి మారింది. మొదటి రోజు నేను గడ్డం కింద పట్టుకున్న కాగితం పనిని ఆ తెల్ల చీర చేసింది. వీడియో దీపాల వెలుతురు చీర మీద పడి పైకి తిరిగి, పై పెదవిని వెలిగించింది. అదే వెలుతురు కింది పెదవి కింద నేను వేసిన నీడను కూడా తినేసింది, అక్కడ పొడిని మరోసారి అద్దవలసి వచ్చింది. పట్టుచీరలో ఉన్నప్పుడు అవసరం లేనిది మధుపర్కాల్లో అవసరమవుతుందని ముందే ఊహించడం కష్టం.

చెమటను తుడవకుండా టిష్యూను మడిచి నొక్కి తీయాలని పెళ్లికూతురి పిన్నికి నేర్పాను. మంచినీళ్లకూ పాలకూ స్ట్రా ఇచ్చాం. తలంబ్రాల హడావిడి తరువాత చూస్తే నడుమ గ్లాస్ పూర్తిగా పోయింది, పై అంచు నిలిచింది, ఎడమ శిఖరం దగ్గర మాత్రం గోటితో గీరినట్టు చిన్న చీలిక వచ్చింది. అక్కడ మళ్లీ గీయకుండా, దూది పుల్లకు కన్సీలర్ అంటించి బయటి నుంచి చీలికను శుభ్రం చేశాను. చెమట పట్టిన చర్మం మీద కొత్త గీత వేస్తే పాతదీ కొత్తదీ కలిసి ముద్దయిపోతాయి. బయటి అంచును చెక్కినట్టు తుడిస్తే గీత కొంచెం తగ్గినా శుభ్రంగా ఉంటుంది.

తరువాతి మంగళవారం – ఫొటోలు

ఆల్బమ్ ఎంపికకు ముందు ఫొటోలు చూశాను. ఎదురుగా ఫ్లాష్ వేసి తీసిన వాటిలో మేం వేసిన నీడలన్నీ చదునైపోయి, పై పెదవికి దక్కిన లాభం గీత ఇచ్చినంతే మిగిలింది. పక్క నుంచి, కొంచెం పై నుంచి దీపం పెట్టి తీసిన వాటిలో నడుమ ఉబ్బు చక్కగా వచ్చింది. రిసెప్షన్‌కు మాత్రం ఫొటోగ్రాఫరును ఫ్లాష్‌ను గొడుగు మీదికి తిప్పమని అడిగాను, అప్పుడు తీసినవి పెళ్లి ఫొటోల కన్నా బాగున్నాయి.

రంగు తీసేటప్పుడు పాటించవలసింది ఒకటి రాసుకోవాలి. పొడిగా ఉండిపోయే లైనర్‌ను రుద్దితే పెదవి అంచు మరింత నల్లబడుతుంది. నూనె ఉన్న రిమూవర్‌ను దూదికి పట్టించి పెదవి మీద కొన్ని క్షణాలు ఆనించి ఉంచి, బయటి నుంచి లోపలికి తుడవాలి. లోపలి నుంచి బయటికి తుడిస్తే రంగు మూతి చుట్టూ పరుచుకుని మరునాటి దాకా వదలదు. అమ్మాయికి ఆ పెన్సిల్, కరెక్టర్, గ్లాస్ మూడూ ఇచ్చి పంపాను. ఇంట్లో రోజువారీకి కరెక్టర్, నడుమ గ్లాస్ చాలని, గీత జోలికి పోవద్దని చెప్పాను. పండగలకూ ఫంక్షన్లకూ గీస్తే ఎడమ శిఖరాన్ని ముందు గీసుకోమన్నాను. ఆమెకు అది కుడి దాని కన్నా కొంచెం కిందికి ఉంది, దాన్ని పైకి తెచ్చాక కుడి వైపును దానికి సరిపోల్చడం తేలిక.